సమ్మర్ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్: టమోటా రేట్లతో రాసిన మెయిల్

సెకండియర్ జనవరిలో నేను ఒకే రాత్రి నలభై మంది ప్రొఫెసర్లకి మెయిల్ పెట్టాను. అన్నిటిలోనూ ఒకటే మాట: మీ పరిశోధన చాలా ఆసక్తిగా ఉంది, మీ దగ్గర ఇంటర్న్‌షిప్ చేయాలనుంది, రెజ్యూమె జత చేశాను. రెండు జవాబులొచ్చాయి. ఒకాయన ఖాళీ లేదన్నారు. రెండో జవాబు ఒక మేడమ్ నుంచి. "నేను సార్‌ని కాదు" అని ఒక్క లైను. నలభై మందికీ 'రెస్పెక్టెడ్ సర్' అని కాపీ చేసి పెట్టేశాను మరి!

ఫిబ్రవరిలో ఆరు మెయిల్సే రాశాను. మూడు జవాబులు వచ్చాయి, ఒక చోటు దొరికింది. ఆ ఆరింటికీ ముందు ఏం చేశానో ఈ వ్యాసంలో చెప్తాను. మన కాలేజీలో ఈ ఏడాది అడుగుతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ పనికొస్తుందని.

ముందు దారులు రెండు

మొదటిది ఫారం దారి. బెంగళూరు ఇండియన్ అకాడెమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీ ఇన్సా, ప్రయాగ్‌రాజ్ నాసీ, ఈ మూడు అకాడెమీలూ కలిసి నడిపే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఇలాంటిదే. రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని. మార్కుల వివరాలతో పాటు మీరేం చేయాలనుకుంటున్నారో ఒక చిన్న రైటప్, మీకు పాఠం చెప్పిన వారి సిఫారసు అడుగుతారు. దీని గడువు చలికాలంలోనే ముగిసిపోతుంది. మార్చిలో గుర్తొస్తే ఆ ఏడాదికి అయిపోయినట్టే. ఐఐటీలు సొంతంగా నడిపే సమ్మర్ ప్రోగ్రాముల్లో కొన్ని మూడో ఏడాది వాళ్లనే తీసుకుంటాయి. అందుకని నోటిఫికేషన్లో స్టైపెండ్ కంటే ముందు అర్హత లైను చదవండి.

రెండోది నేరుగా ప్రొఫెసర్‌కి రాయడం. సెకండియర్ వాళ్లకి ఎక్కువగా తెరిచుండేది ఈ దారే. నేను చెప్పబోయేది దీని గురించే.

ఎవరికి రాయాలి?

నేను చేసిన మొదటి తప్పు, పేరున్న సంస్థల జాబితా తీసుకొని పై నుంచి కిందికి రాయడం. రెండోసారి పని నుంచి మొదలుపెట్టాను. నేను చదివేది మదనపల్లెలో. బస్టాండు నుంచి యార్డు దాకా ఎవరి నోట విన్నా టమోటా రేటే. 2023 జూలైలో కిలో వంద దాటినప్పుడు దేశమంతా మన యార్డు పేరు విన్నది. పంటల ధరల్ని ముందే అంచనా వేయడం మీద పనిచేసేవాళ్ల కోసం గూగుల్ స్కాలర్‌లో వెతికాను. గడిచిన రెండేళ్లలో పేపరు వచ్చినవాళ్లనే ఉంచుకున్నాను. పన్నెండు మంది తేలారు.

తర్వాత ఒక్కొక్కరి ల్యాబ్ పేజీ తెరిచాను. అక్కడ చూడాల్సింది ఒక్కటే: ఇంతకు ముందు బీటెక్ పిల్లల్ని ఎప్పుడైనా తీసుకున్నారా? పాత ఇంటర్న్‌ల పేర్లుంటే ఆశ ఉన్నట్టు. ఇంటర్న్‌షిప్ కోసం వేరే ఫారం నింపమని అదే పేజీలో రాసుంటే మెయిల్ రాయకండి, ఫారమే నింపండి. పేజీ చదవలేదని అక్కడే తెలిసిపోతుంది. ఈ వడపోత తర్వాత ఆరుగురు మిగిలారు.

పేపర్లో ఎక్కడ చదవాలి?

సెకండియర్లో పేపరంతా అర్థం కాదు. నాకూ కాలేదు. సారాంశం, బొమ్మలు, ఆ తర్వాత 'డేటా' అనే భాగం చదివాను. మోడల్ గణితం నాకు అందలేదు గానీ డేటా భాగం అందింది. అందులో రోజువారీ టమోటా ధరలు కేంద్ర ప్రభుత్వ ఆగ్‌మార్క్‌నెట్ నుంచి తీసుకున్నామని ఉంది. ఆ డేటా మనమూ దించుకోవచ్చు. నేను మదనపల్లె మార్కెట్‌ది దించాను. ఇక్కడొక చిక్కుంది. మదనపల్లె 2022 ఏప్రిల్ దాకా చిత్తూరు జిల్లాలో ఉండేది, తర్వాత అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. అందుకే జిల్లా పేరుని నమ్ముకోకుండా మార్కెట్ పేరుతో సరిచూసుకోవాలి.

ఇంకో చిక్కు నా పుంగనూరు ఫ్రెండ్ చెప్పాడు. వాళ్లది టమోటా సేద్యం. "ఇదేందిరా, మా నాయన చెప్పే రేటుకీ దీనికీ పొంతనే లేదే" అన్నాడు. వాళ్ల నాయన చెప్పేది మండీలో క్రేటు రేటు, అదీ మొదటి రకం కాయది. ఫైల్లో ఉన్నది క్వింటాలుకి, ఆ రోజు ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర. దాన్నే మోడల్ ధర అంటారు. యూనిట్ చూడకుండా లెక్క మొదలుపెట్టుంటే అంతా తప్పయ్యేది.

ఒక సాయంత్రం లెక్క

ఇప్పుడు అసలు పని. ఏ అంచనా మోడల్‌నైనా అన్నిటికంటే తేలికైన అంచనాతో పోల్చాలి: 'నిన్నటి ధరే ఈరోజు ధర'. చిన్న ఉదాహరణ తీసుకుందాం. ఐదు రోజుల ధరలు 1200, 1400, 1300, 1600, 1500 అనుకోండి. రెండో రోజుకి మన అంచనా 1200, అసలు ధర 1400. తేడా 200, అంటే అసలు ధరలో 14.3 శాతం. మిగిలిన మూడు రోజులకీ ఇలాగే చేస్తే 7.7, 18.75, 6.7 వస్తాయి. నాలుగింటి సగటు సుమారు 11.8 శాతం. ఇదే డేటా మీద ఒక పెద్ద మోడల్ తప్పు 11 శాతం అంటే, అది 'నిన్నటి ధర' కంటే కొంచెమే మెరుగన్నమాట. పైథాన్‌లో ఇది మూడు లైన్లే:

```python
p = df["modal"]
e = (p - p.shift(1)).abs() / p
print(e.mean() * 100)
```

నేను దీన్ని రన్ చేసి ఎక్కువ తప్పు వచ్చిన రోజుల్ని వరుసగా పెట్టి చూశాను. వాటిలో చాలావాటికి ముందు కొన్ని రోజుల డేటానే లేదు. `shift(1)` తీసుకునేది ముందు వరుసని, ముందు రోజుని కాదు. నాలుగు రోజులు డేటా లేకపోతే ఐదు రోజుల కిందటి ధర 'నిన్నటి ధర' అయిపోతుంది. మీరు చేసేటప్పుడు తేదీల మధ్య తేడా ఇంకో కాలమ్‌లో పెట్టుకొని చూడండి, ఒకటి కంటే ఎక్కువున్న చోట్లు వెంటనే కనిపిస్తాయి.

మరి పేపర్లో ఈ ఖాళీ రోజుల్ని ఏం చేశారు? మూడుసార్లు వెతికాను, ఆ మాట లేదు. నా మెయిల్‌కి విషయం దొరికింది.

మెయిల్

ఇంగ్లీషులోనే రాశాను. మొత్తం నూటయాభై మాటలు దాటలేదు. సబ్జెక్ట్ లైన్లో 'ఇంటర్న్‌షిప్ రిక్వెస్ట్' అని కాకుండా, ఏ నెలలు, ఏ విషయం అన్నది పెట్టాను. లోపల నాలుగు ముక్కలే. తెలుగులో దాని సారం ఇది:

"ప్రొఫెసర్ గారికి, నేను మదనపల్లెలో బీటెక్ రెండో ఏడాది చదువుతున్నాను. టమోటా ధరల మీద మీ పేపరు చదివి, మదనపల్లె మార్కెట్ డేటా దించుకొని, నిన్నటి ధరే ఈరోజు ధర అనే అంచనాకి తప్పు ఎంతో లెక్క కట్టాను. డేటా లేని రోజుల తర్వాత తప్పు బాగా పెరుగుతోంది. మీ పేపర్లో అలాంటి రోజుల్ని ఎలా నింపారో తెలుసుకోవాలనుంది. మే మూడో వారం నుంచి ఆరు వారాలు మీ దగ్గర పనిచేసే వీలుందా? నాకు పైథాన్, ప్రాబబిలిటీ కోర్సు వరకు వచ్చు. మెషీన్ లెర్నింగ్ ఇంకా చదవలేదు. ఒక పేజీ రెజ్యూమె, మార్కుల జాబితా, నా గ్రాఫు జత చేశాను."

రానిది రాదని రాయడానికి భయపడ్డాను. తర్వాత కాల్‌లో తెలిసింది, ఆ లైను వల్లే నాకు ఏ పని ఇవ్వాలో ఆమెకి తేలిగ్గా తట్టిందట. తేదీలు రాసేముందు అకడమిక్ క్యాలెండర్ చూసుకోండి. నాలుగో సెమిస్టర్ పరీక్షలు వేసవిలోకి జరిగితే, ఒప్పుకున్నాక మళ్లీ తేదీలు మార్చమని అడగాల్సి వస్తుంది. రెజ్యూమె ఫైలుకి మీ పేరు పెట్టండి. నాది చాలాకాలం `resume_final2.pdf` గానే తిరిగింది. ఇక పలకరింపు: సర్, మేడమ్ అని ఊహించకుండా 'ప్రొఫెసర్' అని ల్యాబ్ పేజీలో ఉన్న పేరే రాయండి. మన పేర్లలో ఇంటిపేరు ఏదో పైవాళ్లకి తెలియనట్టే, వాళ్లది మనకీ తెలియదు.

జవాబు రాకపోతే పది రోజులాగి అదే మెయిల్ కింద రెండు లైన్లు, ఒక్కసారే. నాకొచ్చిన మూడు జవాబుల్లో ఒకటి అలా వచ్చిందే. రెండోసారికీ పలకకపోతే వదిలేయండి.

కాల్‌లో ఏం జరిగింది?

ఒక మేడమ్ పదిహేను నిమిషాలు కాల్‌కి పిలిచారు. నా ప్రశ్ననే నా మీదికి తిప్పారు: "ఖాళీ రోజుల్ని నువ్వైతే ఎలా నింపుతావు?" ముందు రోజు ధరతో నింపుతానన్నాను. "అప్పుడు నీ తప్పు శాతం ఏమవుతుంది?" అన్నారు. నేను ఆగిపోయాను. కాసేపటికి తట్టింది: నింపిన రోజున నిన్నటి ధరా ఈరోజు ధరా ఒకటే కాబట్టి తప్పు సున్నా. అలాంటి సున్నాలు సగటులో కలిస్తే, 'నిన్నటి ధర' అంచనా నిజంగా ఉన్నదానికంటే మంచిగా కనిపిస్తుంది. అంటే ఎలా నింపామన్న దాన్ని బట్టి ఎవరు గెలిచారన్నది మారిపోతుంది. "తెలీదు మేడమ్, చూసి చెప్తాను" అనే ఉంటే సరిపోయేది, నేను ముందు ఏదో చెప్పేసి ఇబ్బంది పడ్డాను. అయినా తీసుకున్నారు. స్టైపెండ్ లేదు, హాస్టల్ డబ్బులు మనమే కట్టుకోవాలి అని ముందే చెప్పేశారు.

ఈ ఖర్చు మాట మీరూ ముందే అడగండి. కుప్పం నుంచి వచ్చే మా క్లాస్‌మేట్‌కి బెంగళూరులో ఒక ల్యాబ్ దొరికింది గానీ హాస్టల్ ఖాళీ లేదన్నారు. వాడు పొద్దున రైలెక్కి సాయంత్రానికి ఇల్లు చేరుకున్నాడు. 'వసతి అక్కర్లేదు' అని వాడు మెయిల్లోనే రాసుండటం కలిసొచ్చింది. సర్టిఫికెట్ ఇస్తాం, ఫీజు కట్టు అని ఎదురు అడిగేవి మాత్రం వేరే సరుకు. వాటిలో పేపరూ ఉండదు, ప్రొఫెసరూ ఉండరు.

ఒప్పుకున్నాక కాలేజీ నుంచి బోనఫైడ్, ఎన్ఓసీ కావాలి. హెచ్ఓడీ సంతకం, ఆపైన ప్రిన్సిపాల్ సంతకం. సెమిస్టర్ చివర్లో ఇద్దరూ దొరకడం కష్టం, మార్చిలోనే పెట్టేసుకోండి.

ఆరు వారాల్లో నేను చేసింది ఏమిటంటే, మూడు మార్కెట్ల డేటాలో ఖాళీ రోజుల్ని గుర్తించి, సెలవుకి యార్డు మూసిన రోజు వేరు, నమోదు చేయని రోజు వేరు అని విడదీయడం. చివరి వారంలో రెండు రకాలుగా నింపి పాత లెక్క మళ్లీ చేశాం. పేపర్లో నా పేరు రాలేదు. వెనక్కొచ్చాక పుంగనూరు ఫ్రెండ్ అడిగాడు, "అయితే రేపటి రేటు చెప్పు చూద్దాం" అని. ఈరోజు రేటే అన్నాను.

ఈసారి రాయాలనుకునేవాళ్లు ఎవరైనా ఒక పేపరు ప్రింటు తీసుకొని క్లబ్బు గదికి రండి. డేటా భాగం కలిసి చదువుదాం.