లెక్క సగంలో ఉండగా గంట మోగితే?

ప్రశ్న: ఇంటర్ రెండో ఏడాది ఎంపీసీ చదువుతున్నాను. 25 నిమిషాలకు టైమర్ పెట్టుకుంటే లెక్క సగంలో ఉండగానే మోగుతోంది. 5 నిమిషాల విరామమేమో అరగంట అవుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: గంట మోగగానే పెన్ను పెట్టేయకమ్మా. తర్వాత వేయాల్సిన మెట్టు ఏమిటో మార్జిన్‌లో ఒక్క ముక్క రాయి: ‘ఇక్కడ t = sin x అనుకోవాలి’ అని. తిరిగి వచ్చాక లెక్క మొదటినుంచి చూడక్కర్లేదు. ‘సమాకలనం చదవాలి’ అని కూర్చుంటే గంట ఎప్పుడూ మధ్యలోనే మోగుతుంది. ‘ప్రతిక్షేపణ పద్ధతిలో నాలుగు లెక్కలు’ అని ముందే రాసుకో. రెండే అయితే రేపు రెండే రాసుకో. నీ వేగం వారంలో తెలిసిపోతుంది.

విరామం సాగడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఫోనే. టైమర్‌కి కూడా ఫోన్ వాడకు. 1980ల చివర్లో ఈ పొమొడోరో పద్ధతిని కనిపెట్టిన ఫ్రాన్సెస్కో సిరిల్లో అప్పటికి విద్యార్థే. టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ వాడాడు. ఇటాలియన్‌లో పొమొడోరో అంటే టమాటా. విరామంలో లేచి నీళ్లు తాగు, వరండాలో నడువు.

నాలుగు విడతలయ్యాక 25 నిమిషాలు ఆగు. సెలవు రోజున ఇలా మూడు దఫాలంటే ఏడు గంటలు పడుతుంది. అందులో చదువు ఐదు గంటలే, అది తక్కువేం కాదు.

మూడు గంటల మోడల్ పేపర్ రాసేటప్పుడు మాత్రం టైమర్ పక్కన పెట్టెయ్. పరీక్ష హాల్లో విరామాలుండవు.