ఈ వాక్యంలో కర్త ఎవరు?

భద్రాచలంలో యోగా నేర్పే మా అక్క తన పరిచయం రాసిపెట్టమంది. “నెల రోజుల్లో బీపీ మాయం” అని మొదలుపెట్టాను. ఆ లైన్ కొట్టేసింది. “ఇది నమ్మి ఎవరైనా బిళ్లలు మానేస్తే?” అంది.

అప్పుడో సూత్రం దొరికింది. వాక్యంలో కర్త టీచరైతే ఉంచాలి. చదివేవాళ్ల ఒంట్లో జరగబోయేది చెప్తే తీసెయ్యాలి. “ఒత్తిడి తగ్గుతుంది” కూడా పోయింది.

మిగిలింది ఇదీ: “యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్ష పాసై, ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ తీసుకున్నాను. క్లాసు గంటసేపు. ముందు కీళ్ల కదలికలు, తర్వాత ఆసనాలు, చివర శవాసనం చేయిస్తాను. కింద కూర్చోలేనివాళ్లకు కుర్చీ వేస్తాను. అడగకుండా చెయ్యి వేసి సరిచేయను. జబ్బుకు మందులు వాడుతుంటే ముందు మీ డాక్టర్‌ని అడిగి రండి.”

సర్టిఫికెట్ అడిగి చూడొచ్చు. మిగతాదంతా ఒక్కరోజు క్లాసుకెళ్తే తెలిసిపోతుంది.