అమ్మినవాడు పలకనప్పుడు డబ్బు ఎవరిని అడగాలి?

సూరత్‌కు బదిలీ అయి వచ్చిన తెలుగు కుటుంబాలకు ఊళ్లో చుట్టాల నుంచి ఒక రకం ఫోన్లు తరచుగా వస్తుంటాయి. "అక్కా, మీ ఊరి దుకాణమేనట. ఆన్‌లైన్‌లో చీరలకు డబ్బు కట్టాను. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. ఒకసారి వెళ్లి చూసి రాగలవా?" రింగ్ రోడ్డు మీద అంతస్తుల మీద అంతస్తులుగా బట్టల మార్కెట్లు ఉన్నాయని, ఒక్కో మార్కెట్లో వందల దుకాణాలు ఉన్నాయని గుంటూరులో ఉన్న పిన్నికి ఎలా తెలుస్తుంది? మార్కెట్ పేరు, అంతస్తు, దుకాణం నంబరు లేకుండా "రింగ్ రోడ్, సూరత్" అని మాత్రమే ఉంటే అది చిరునామా కానే కాదు.

అందుకని వెళ్లి చూసే ముందు ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది. డబ్బును అమ్మినవాణ్ణి అడగాలా, బ్యాంకు ద్వారా వెనక్కి తెప్పించుకోవాలా? బ్యాంకు ద్వారా తెప్పించుకునే దాన్ని చార్జ్‌బ్యాక్ అంటారు. ఈ రెండు దారులూ వేరు. ఒకదానిలో మనకు కావలసింది అమ్మినవాడి ఒప్పుకోలు. రెండోదానిలో అతను ఒప్పుకోకపోయినా, ఫోన్ ఎత్తకపోయినా పని సాగుతుంది.

ముందు చార్జ్‌బ్యాక్ ఎలా నడుస్తుందో చూద్దాం. పిన్ని డెబిట్ కార్డుతో డబ్బు కట్టినప్పుడు ఆ డబ్బు ఆమె బ్యాంకు నుంచి కార్డు నెట్‌వర్క్ మీదుగా దుకాణం తరఫున డబ్బు వసూలు చేసే బ్యాంకుకు వెళ్తుంది. వీసా, మాస్టర్‌కార్డ్, రూపే అనేవి అలాంటి నెట్‌వర్క్‌లు. సరుకు రాలేదని పిన్ని తన బ్యాంకుకు చెబితే, ఆ బ్యాంకు వచ్చిన దారినే వెనక్కి వెళ్లి అవతలి బ్యాంకును డబ్బు అడుగుతుంది. అవతలి బ్యాంకు దుకాణాన్ని అడుగుతుంది. దుకాణం జవాబు ఇవ్వకపోతే సాధారణంగా డబ్బు పిన్నికి వస్తుంది. అంటే పలకకుండా ఉన్న దుకాణం ఇక్కడ తన మౌనంతోనే ఓడిపోతుంది. చార్జ్‌బ్యాక్ గొప్పతనం అంతా అదే. అయితే ఇది కోర్టు తీర్పు కాదు, నెట్‌వర్క్ నిబంధన మాత్రమే. కట్టిన డబ్బు వస్తుంది తప్ప పడ్డ ఇబ్బందికి పరిహారం రాదు.

యూపీఐతో కడితే సంగతి వేరు. దుకాణం పేరున నమోదైన వ్యాపారి ఖాతాకు కట్టి ఉంటే సరుకు అందలేదని యాప్‌లోనే, ఆ లావాదేవీ కింద, ఫిర్యాదు పెట్టవచ్చు. కానీ వాట్సాప్‌లో ఫోటోలు చూపించి, ఎవరో మనిషి పేరున ఉన్న నంబరుకు పంపమంటే? అది ఇద్దరు మనుషుల మధ్య డబ్బు బదిలీగానే లెక్క. అందుకున్న మనిషి ఒప్పుకోకుండా బ్యాంకు దాన్ని వెనక్కి తీయదు. కాబట్టి మొదటి ప్రశ్న ఎప్పుడూ "ఎంత పోయింది?" కాదు, "ఎలా కట్టారు?" అసలు దుకాణమే లేదని, మొత్తం మోసమేనని తేలితే మాత్రం ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. అది సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు.

ఇప్పుడు ఒక ఊహా లెక్క తీసుకుందాం. పిన్ని సెప్టెంబరు 8న ఒక వెబ్‌సైట్‌లో 12 చీరలకు 9,600 రూపాయలు వీసా డెబిట్ కార్డుతో కట్టింది. సెప్టెంబరు 18 లోపు అందుతాయని రసీదులో ఉంది. 18 దాటింది. 20న "దారిలో ఉన్నాయి మేడమ్" అని ఒక సందేశం వచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు.

ఆ రోజే బ్యాంకుకు పరుగెత్తాలా? అక్కర్లేదు. సరుకు అందలేదనే ఫిర్యాదులో, ముందు అమ్మినవాడితో తేల్చుకోవడానికి ప్రయత్నించారా అని బ్యాంకు అడుగుతుంది. కాబట్టి నేరుగా అడగడం అనేది చార్జ్‌బ్యాక్‌కు పోటీ కాదు, దానికి మొదటి మెట్టు. కానీ ఆ మెట్టు మీదే కూర్చుండిపోకూడదు. వీసా నిబంధనల ప్రకారం సరుకు అందాల్సిన తేదీ నుంచి 120 రోజులు గడువు ఉంటుంది. సెప్టెంబరు 18 నుంచి లెక్కపెడితే అది జనవరి 16. వినడానికి చాలా దూరంగా అనిపిస్తుంది. "పది రోజుల్లో రీఫండ్" అని నాలుగుసార్లు, "పండగ తర్వాత", "మా అకౌంటెంట్ ఊళ్లో లేడు" అని రెండుసార్లు వింటే ఆ దూరం కరిగిపోతుంది. పైగా ఇతర నెట్‌వర్క్‌లకు వేరే గడువులు ఉండవచ్చు, బ్యాంకు తన సౌకర్యం కోసం ఇంకా ముందే అడగవచ్చు. గడువు దాటాక దుకాణం తప్పు ఎంత స్పష్టంగా ఉన్నా ఈ దారి మూసుకుపోతుంది.

అందుకని నా అభిప్రాయం ఇది. నేరుగా ఒకే ఒక్కసారి, రాతలో, తేదీ పెట్టి అడగాలి. ఫోన్‌లో కాదు, ఈమెయిల్‌లో. అమ్మేవాడికి అర్థమయ్యేలా హిందీలోనో ఇంగ్లీషులోనో రాయాలి. అందులో ఉండాల్సింది ఇంతే: "ఫలానా నంబరు ఆర్డరుకు సెప్టెంబరు 8న 9,600 రూపాయలు కట్టాను. సెప్టెంబరు 18 లోపు అందాల్సిన 12 చీరలు అందలేదు. ఆర్డరు రద్దు చేస్తున్నాను. కట్టిన కార్డుకే మొత్తం డబ్బు సెప్టెంబరు 29 లోపు పంపండి." కోపం మాటలు వద్దు, బెదిరింపులు వద్దు. ఈ ఉత్తరం రేపు బ్యాంకు గుమాస్తా కూడా చదువుతాడు. "రద్దు చేస్తున్నాను" అన్న మాట మాత్రం తప్పక ఉండాలి. లేకపోతే "ఇంకా పంపుతాం" అని దుకాణం చెప్పుకోవడానికి వీలుంటుంది. "కట్టిన కార్డుకే" అనడం కూడా కావాలనే. "డబ్బు బదులు కూపన్ ఇస్తాం, వేరే ఖాతా నంబరు పంపండి, ఈ లింకు నొక్కండి" అంటే ఒప్పుకోనక్కర్లేదు.

ఈ వారంలోనే దుకాణం నిజంగా ఉందో లేదో చూడవచ్చు. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉంటే దానిలో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి. గుజరాత్‌కు 24, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. సూరత్ దుకాణమని చెప్పి నంబరు 24తో మొదలు కాకపోతే అనుమానించాలి. gst.gov.in లో ఆ నంబరు కొడితే వ్యాపారం పేరు, నమోదు ఇంకా నడుస్తోందా అన్న సంగతి తెలుస్తాయి. చిరునామా దొరికితే, సూరత్‌లో ఉన్న మనం చేయగలిగిన ఉపకారం అక్కడ ఉంది. పెద్దవాళ్లు ఆ దారిన వెళ్లినప్పుడు ఆ నంబరు దుకాణం తెరిచి ఉందా, బోర్డు మీద అదే పేరు ఉందా అని చూసి రావచ్చు. గొడవకు దిగడానికి కాదు, చూసి చెప్పడానికి మాత్రమే. తెరిచి ఉన్న దుకాణం దగ్గర నేరుగా అడగడానికి అర్థం ఉంది. తాళం వేసి ఉంటే ఇంకో ఉత్తరం రాయడం కాలం వృథా.

సెప్టెంబరు 29 దాటింది, డబ్బు రాలేదు. 30న పిన్ని బ్యాంకులో వివాద ఫారం నింపుతుంది. ఇక్కడ చాలామంది తొందరలో చెడగొట్టుకుంటారు. ఫారంలో కారణాలు కొన్ని ఉంటాయి. "ఈ లావాదేవీ నేను చేయలేదు" అన్నది ఎంచుకుంటే డబ్బు త్వరగా వస్తుందని ఎవరో చెబుతారు. అది అబద్ధం అవుతుంది, పని కూడా చెడుతుంది. కార్డు పిన్నిదే, ఓటీపీ ఆమె ఫోన్‌కే వచ్చింది, ఆమే కొట్టింది. బ్యాంకు రికార్డులో అదంతా ఉంటుంది. ఎంచుకోవాల్సింది సరుకు అందలేదన్న కారణం, అంటే Goods not received లాంటిది. రసీదు, 20వ తేదీ సందేశం, మన ఈమెయిల్, ఈ మూడూ జత చేస్తే చాలు. కొన్ని బ్యాంకులు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో వేస్తాయి. దాన్ని ఖర్చు పెట్టేయకూడదు, దుకాణం గెలిస్తే అది వెనక్కి పోతుంది. ఈలోపు దుకాణం కూడా నేరుగా డబ్బు పంపితే వెంటనే బ్యాంకుకు చెప్పి ఫిర్యాదు ఆపించాలి. రెండుసార్లు తీసుకోవడం మోసమే. ఒకవేళ బ్యాంకే ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు చెప్పుకోవచ్చు.

కార్డు దారి లేనివారికి, పరిహారం కూడా కావాలనేవారికి నేరుగా అడిగే దారే ముందుకు సాగుతుంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థకు ఫిర్యాదుల అధికారి ఉండాలి. అతను ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. కాకపోతే 1915కు, అంటే జాతీయ వినియోగదారుల సహాయ నంబరుకు, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 5 లక్షల రూపాయల వరకు కొనుగోళ్లకు కమిషన్‌లో ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ఇక మనలాంటి బదిలీ కుటుంబాలకు పనికొచ్చే మాట ఒకటి. 2019 చట్టం వచ్చాక, కొన్నవాళ్లు తాము ఉంటున్న ఊళ్లోనే కేసు వేయవచ్చు. పిన్ని సూరత్ రానక్కర్లేదు, గుంటూరులోనే వేయవచ్చు.

కానీ పన్నెండు చీరలు అన్నామని గుర్తుందా? పిన్ని అవి తాను కట్టుకోవడానికి కొనలేదు, ఇంట్లో పెట్టి దసరాకు అమ్మడానికి కొంది. తిరిగి అమ్మడానికి కొన్నవారిని చట్టం మామూలుగా వినియోగదారుగా చూడదు. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి మాత్రమే కొన్నామని చూపించగలిగితేనే మినహాయింపు. దుకాణం తరఫువారు కమిషన్‌లో మొదట పట్టుకునేది దీన్నే. బ్యాంకు ఫారంలో ఆ ప్రశ్న లేదు. సరుకు వచ్చిందా లేదా అన్నదే అక్కడ లెక్క. పిన్నికి కార్డు దారే మేలు అనడానికి ఇది ఇంకో కారణం.

మూడు వారాల తర్వాత దుకాణం నోరు విప్పిందనుకుందాం. కొరియర్ నంబరు చూపించి, "పార్సిల్ గుంటూరులో అందింది" అని బ్యాంకుకు జవాబు ఇచ్చింది. ఇలా ఏదో ఒక చిన్న పొట్లాన్ని అదే ఊరికి పంపి, అందినట్టు చూపించేవాళ్లు ఉన్నారు. ఇక్కడ అడగాల్సినవి రెండు: సంతకం ఎవరిది, బరువు ఎంత. చీర సుమారు అరకిలో అనుకున్నా పన్నెండు చీరలు ఆరు కిలోలు తూగాలి. కొరియర్ రసీదులో 300 గ్రాములు అని ఉంటే ఆ కాగితాన్ని, బ్యాంకు చెప్పిన తేదీ లోపల, రెండు వాక్యాల ఉత్తరంతో జత చేసి పంపాలి.