సెల్లులో యాప్ అప్‌డేట్ కాకపోతే ఏది తుడవాలి, ఏది తుడవకూడదు



మహానంది గుడి దారిలో మా అమ్మకు చిన్న కొబ్బరికాయల అంగడి ఉంది. 2025 ఫిబ్రవరిలో, శివరాత్రికి నాలుగు రోజుల ముందు, అమ్మ సెల్లులో డబ్బులు తీసుకునే యాప్ తెరుచుకోవడం మానేసింది. కొత్త వెర్షన్ వేసుకుంటే తప్ప పనిచేయనని చెప్పింది. అప్‌డేట్ నొక్కితే కాసేపు తిరిగి ఆగిపోయింది. తిరునాళ్లలో చేతిలో చిల్లర లేని వాళ్లే ఎక్కువ కాబట్టి ఆ యాప్ లేకపోతే సగం బేరం పోయినట్టే.

నేను ఎమ్మెస్సీ చదువుతున్నానని అమ్మ సెల్లు నా చేతికిచ్చింది. నేను ఏమాత్రం ఆలోచించకుండా సెట్టింగ్స్‌లోకి పోయి, కనిపించిన యాప్‌కల్లా Clear storage నొక్కుతూ పోయాను. అందులో నోట్స్ యాప్ కూడా ఉంది. ఎవరు ఎంత బాకీ ఉన్నారో అమ్మ చెబితే నేనే అందులో టైపు చేసిపెట్టాను. సాయంత్రం అమ్మ అడిగింది: "ఏమిరా, లెక్కలు యాడ పోయినాయి?" నా దగ్గర జవాబు లేదు. ఆ లెక్కలు ఇంకెక్కడా లేవు. అంత చేసినా అప్‌డేట్ మాత్రం కాలేదు! ఆ రాత్రి కూర్చుని మొదటి నుండి సరిగా చేశాను. అదే మీకు చెబుతున్నాను.

ముందుగా తెలియవలసినది ఒక్కటే. ఒక్కొక్క యాప్ పేరు కింద రెండు మీటలు ఉంటాయి. ఒకటి Clear cache, రెండవది Clear storage. పాత సెల్లుల్లో రెండవదాన్ని Clear data అంటారు. అంగడి భాషలో చెప్పాలంటే క్యాష్ అనేది తక్కెడ పక్కన రాసుకునే చిత్తు చీటీ. అది పోయినా మళ్లీ రాసుకోవచ్చు. యాప్ కూడా తనకు కావలసింది మళ్లీ తెచ్చుకుంటుంది. స్టోరేజ్ అనేది ఖాతా పుస్తకం. యాప్‌లో మనం రాసినవి, లాగిన్ వివరాలు, సెట్టింగులు అన్నీ అందులోనే ఉంటాయి. వాటికి ఇంకొక చోట ప్రతి లేకపోతే మళ్లీ రావు. నొక్కే ముందు సెల్లు ఒకసారి అడుగుతుంది. ఆ అడిగినది చదవకుండా సరే అనడమే నేను చేసిన తప్పు.

ఇక రోగం ఏమిటో చూద్దాం. సెట్టింగ్స్‌లో Storage తెరిచాను. అది 32 జీబీ సెల్లు. ఖాళీ 310 ఎంబీ మాత్రమే ఉంది. అప్‌డేట్ సుమారు 70 ఎంబీ. 310లో 70 పట్టదా అని మీకు అనుమానం రావచ్చు, నాకూ వచ్చింది. కొత్త సరుకు దించి, లెక్క చూసుకునే దాకా పాత సరుకు అంగడిలోనే ఉండాలి కదా. సెల్లు కూడా అంతే. కొత్త వెర్షన్‌ను దించుకుని, సరిచూసి, అమర్చే వరకు పాతదాన్ని తీయదు. అందుకే అప్‌డేట్ సైజు కంటే బాగా ఎక్కువ చోటు కావాలి. దానికి తోడు ఆండ్రాయిడ్ తన అవసరానికి కొంత చోటు అట్టిపెట్టుకుంటుంది. మామూలుగా ఖాళీ 500 ఎంబీ కంటే తగ్గితే చోటు అయిపోయినట్టే లెక్కిస్తుంది. నా అనుభవంలో రెండు జీబీల ఖాళీ ఉంటే ఇబ్బంది రాలేదు.

చోటు కోసం యాప్‌ల జోలికి పోనక్కరలేదు. అమ్మ సెల్లులో చోటు తిన్నవి ఫోటోలు, వీడియోలే. వాట్సాప్‌లో సెట్టింగ్స్, తర్వాత Storage and data, అందులో Manage storage తెరిస్తే పెద్ద వీడియోలు, చాలాసార్లు ఫార్వార్డ్ అయినవి విడిగా కనిపిస్తాయి. శుభోదయం వీడియోలే మూడు జీబీల దాకా ఉన్నాయి! (మా పెద్దమ్మ రోజూ నాలుగు పంపుతుంది, ఆమెకు చెప్పకండి.) ఒక్కొక్కటి చూసి, ఇంటి ఫోటోలు ఉంచి, మిగిలినవి తీసేశాను. ఇక్కడ వాట్సాప్‌కు Clear storage మాత్రం నొక్కరాదు. బ్యాకప్ లేకపోతే మాటలన్నీ పోవచ్చు.

ఇంకొక చిక్కు చాలామందికి తెలియదు. గ్యాలరీలో ఫోటోలు తీసేసినా చోటు పెరగదు. ఎందుకంటే అవి వెంటనే పోవు, చెత్తబుట్టలో సాధారణంగా 30 రోజులు ఉంటాయి. దాన్ని Bin అనో Trash అనో రాసి ఉంటారు. అమ్మ పోయిన వారమే తీసేసిన వీడియోలు అందులో 1.4 జీబీ మేర ఉన్నాయి. అవసరమైనది ఏదైనా ఉందేమో ఒకసారి చూసుకుని బుట్ట ఖాళీ చేశాను. మొత్తం మీద ఖాళీ నాలుగున్నర జీబీలు దాటింది.

మళ్లీ అప్‌డేట్ నొక్కాను. Pending అని వచ్చి అక్కడే ఆగింది. అంటే చోటు ఒక్కటే కారణం కాదు. అయితే Pending కనిపించగానే ప్లే స్టోర్ చెడిపోయిందని అనుకోకూడదు. ముందు వేరే యాప్ ఏదైనా అప్‌డేట్ అవుతూ వరుసలో అడ్డంగా ఉందేమో చూడాలి. వైఫై ఉంటేనే దించుకోమని సెట్టింగు పెట్టి ఉందేమో చూడాలి. తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో చూసి, సెల్లును ఒకసారి ఆపి వేయాలి. ఇవన్నీ చేసినా ఒక్క యాప్ కాదు, ఏ యాప్ నొక్కినా అలాగే ఆగుతుంటే అప్పుడు ప్లే స్టోర్ క్యాష్‌ను అనుమానించాలి. మా సెల్లులో జరిగింది అదే. చోటు లేక దిగుమతి మధ్యలో తెగి తెగి, ఆ సగం సగం వివరాలు దాని చిత్తు చీటీలో చిక్కుకుని ఉంటాయి.

దారి ఇది:

```
Settings > Apps > Google Play Store
> Storage & cache > Clear cache
```

కొన్ని కంపెనీల సెల్లుల్లో మాటలు కొంచెం మారతాయి గాని దారి ఇదే. క్యాష్ తుడిచి, సెల్లు ఆపి వేసి, ప్లే స్టోర్ తెరిచి చూడండి. అప్పటికీ కాకపోతే అదే చోట, ప్లే స్టోర్‌కు మాత్రమే, Clear storage నొక్కవచ్చు. ఇంతసేపు వద్దన్న మీటను ఇక్కడ ఎందుకు నొక్కమంటున్నానంటే, ప్లే స్టోర్ ఖాతా పుస్తకంలో మన సొంత రాతలు లేవు. వేసుకున్న యాప్‌లు పోవు. జీమెయిల్ ఖాతా సెల్లు సెట్టింగులలో ఉంటుంది కాబట్టి అదీ పోదు. ఆటోమేటిక్ అప్‌డేట్, పిల్లల కోసం పెట్టిన కట్టడి వంటి ప్లే స్టోర్ సెట్టింగులు మాత్రం మళ్లీ పెట్టుకోవాలి. మాకు రెండవ మీట దాకా పోనక్కరలేకపోయింది. క్యాష్ తుడిచి సెల్లు ఆపి వేసేసరికి అప్‌డేట్ కదిలింది. రాత్రి పదకొండు గంటలకు యాప్ తెరుచుకుంది, తమ్ముడు ఒక్క రూపాయి పంపి చూశాడు.

ఇది కూడా పనిచేయకపోతే Google Play services అనే దానికి క్యాష్ మాత్రమే తుడవండి. దాని స్టోరేజ్ ముట్టుకోవద్దు. ఆ తర్వాత ప్లే స్టోర్ పేజీలో పైన మూడు చుక్కలు నొక్కితే Uninstall updates అని వస్తుంది. అది ప్లే స్టోర్‌ను సెల్లు కొన్నప్పటి వెర్షన్‌కు తెస్తుంది, నెట్ ఉంటే అదే మళ్లీ కొత్తదవుతుంది. ఈ యాప్ మీ సెల్లుకు సరిపోదు అని వస్తే మాత్రం చాలాసార్లు ఆండ్రాయిడ్ పాతదైందని అర్థం. ఎంత తుడిచినా లాభం లేదు.

జీమెయిల్ ఖాతా తీసి మళ్లీ పెట్టమనీ, సెల్లు మొత్తం రీసెట్ చేయమనీ ఎవరైనా చెబితే ఒక్క క్షణం ఆగండి. మన ఇళ్లలో చాలా సెల్లులకు ఆ జీమెయిల్ అమ్మిన అంగడివాళ్లే తెరిచి ఇచ్చి ఉంటారు, పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మ సెల్లుదీ అంతే. అటువంటప్పుడు ఖాతా తీస్తే మళ్లీ పెట్టలేరు. లాక్ పడిన సెల్లును బయటి బటన్లతో రీసెట్ చేస్తే అది లేచిన తర్వాత పాత లాకో, పాత ఖాతా పాస్‌వర్డో అడుగుతుంది, అవి లేకపోతే లోపలికి రానివ్వదు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు సెల్లు పనిచేస్తుండగానే ఆ ఖాతాకు మీ నంబరు జత చేసి, పాస్‌వర్డ్ మార్చి, కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. మా ఇంట్లో అది అమ్మ కొత్తగా కొన్న బాకీల నోటు పుస్తకం వెనుక అట్ట లోపల ఉంది.