సంతకానికి ముందు టీమ్‌తో ఒక మాట

ఆఫర్ వచ్చాక, దాని మీద సంతకం పెట్టే ముందు "నేను పనిచేయబోయే టీమ్‌లో ఒకరితో మాట్లాడొచ్చా?" అని అడగడానికి చాలామంది జంకుతారు. వచ్చిన ఉద్యోగాన్ని శంకిస్తున్నామని అనుకుంటారేమోనని భయం. అది ఉత్త భయమేమీ కాదు. మన ఐటీ కంపెనీల్లో నోటీస్ పీరియడ్ చాలాచోట్ల 60 నుంచి 90 రోజులు. చేతిలో ఉన్న ఆఫర్‌ను చూపించి ఆ మూడు నెలల్లో ఇంకా పెద్దది తెచ్చుకుని, చేరాల్సిన రోజున ఫోన్ ఎత్తనివాళ్లను హెచ్ఆర్ వాళ్లు ఎంతోమందిని చూసి ఉంటారు. అందుకే ఆఫర్ ఇచ్చాక వచ్చే కొత్త కోరిక ఏదైనా వాళ్లకు ముందుగా జారుకునే ప్రయత్నంలాగే వినిపిస్తుంది.

అయితే ఆ నోటీసు భారం మీ మీద కూడా ఉంది. రాజీనామా పెట్టాక పాత చోటికి తిరిగి వెళ్లడం కష్టం. చేరిన నెలకే పని మనం అనుకున్నది కాదని తేలితే, మళ్లీ వెతుకులాట మొదలు. అంత పెద్ద అడుగు వేసే ముందు, రోజూ పక్కన కూర్చోబోయే మనిషితో ఇరవై నిమిషాలు మాట్లాడాలనుకోవడం ఆ ఉద్యోగాన్ని గట్టిగా పట్టించుకున్నవాళ్లు చేసే పని. అవతలివాళ్లకు అది అలాగే వినిపించాలంటే మీ అభ్యర్థనలో రెండు విషయాలు ఉండాలి: ఎప్పటిలోగా జవాబు చెబుతారు, చెప్పాక ఏం చేస్తారు.

"ఆలోచించుకోవడానికి టీమ్‌తో మాట్లాడాలి" అంటే అందులో తేదీ లేదు. అది అనుమానంలా వినిపిస్తుంది. దాన్నే ఇలా రాయొచ్చు: "జీతం, హోదా విషయంలో నాకు అభ్యంతరాలేమీ లేవు. ఈ శుక్రవారం సాయంత్రానికి నా జవాబు చెబుతాను. సరేనంటే సోమవారమే ఇక్కడ రాజీనామా పెడతాను. మొదటి నెలలో ఏ పని అందుకోవాలో తెలుసుకోవడానికి, నేను కలిసి పనిచేయబోయేవాళ్లలో ఒకరితో గురువారంలోగా ఇరవై నిమిషాలు మాట్లాడే ఏర్పాటు చేయగలరా?" ఇది చదివిన హెచ్ఆర్‌కు చేరే తేదీ లెక్క వేసుకోవడానికి ఆధారం దొరుకుతుంది. మెయిల్ మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసిన మేనేజర్‌కు కూడా వెళ్లేలా చూడండి. టీమ్‌లో ఎవరికి ఎప్పుడు తీరికో తెలిసేది ఆయనకే.

జీతం బేరం ఇంకా నడుస్తుండగా ఇది అడగకండి. రెండూ కలిస్తే బేరంలో మరో మెలికలా కనిపిస్తుంది. ముందు అంకెలు తేల్చుకోండి, ఆ తర్వాత ఇది అడగండి. టీమ్‌తో మాట్లాడి వచ్చి మళ్లీ జీతం దగ్గర మొదలుపెడితే, మొదట చెప్పిన మాట మీద ఎవరికీ నమ్మకం ఉండదు.

ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్‌లో నాలుగేళ్ల అనుభవమున్న ఒక బ్యాకెండ్ ఇంజినీర్ అనుకోండి. అమెరికా కంపెనీకి గచ్చిబౌలిలో ఉన్న సెంటర్ నుంచి ఆమెకు ఆఫర్ వచ్చింది. లెటర్‌లో జనరల్ షిఫ్ట్ అనీ, వారానికి మూడు రోజులు ఆఫీసు అనీ ఉంది. కొత్త పేమెంట్స్ సిస్టమ్ కట్టాలని ఇంటర్వ్యూలో చెప్పారు. ఆమె పైన చెప్పినట్టే మెయిల్ పెట్టింది. టీమ్‌లో చేరి ఏడాది కాని ఒకరిని మేనేజర్ కలిపారు. అలాంటివాళ్లు దొరకడం మంచిది. చేరిన కొత్తలో ఎదురైన ఇబ్బందులు వాళ్లకింకా గుర్తుంటాయి.

ఆమె "టీమ్ ఎలా ఉంటుంది?" అని అడగలేదు. అలా అడిగితే వచ్చే జవాబు "చాలా బాగుంటుంది" అనే. అవతలి మనిషిని ఎంపిక చేసింది మేనేజరే, తన మాట ఆయన దాకా వెళ్లొచ్చని ఆ మనిషికీ తెలుసు. అందుకే ఆమె అభిప్రాయాలు అడగకుండా, జరిగినవాటి గురించి అడిగింది. "పోయిన వారం మీ మంగళవారం పొద్దుట నుంచి రాత్రి దాకా ఎలా గడిచింది?" "ఈ మధ్య చేసిన రిలీజ్ రోజు ఏం జరిగింది?" "నేను వస్తున్న స్థానంలో ఇంతకుముందు ఎవరైనా ఉన్నారా, ఆ పని ఇప్పుడెవరు చూస్తున్నారు?"

మంగళవారం గురించి చెబుతుంటే ఒక సంగతి బయటపడింది. షికాగోలో ఉన్న టీమ్‌తో వారానికి మూడుసార్లు వాళ్ల పొద్దున్న తొమ్మిదింటికి కాల్ ఉంటుంది. అది వేసవిలో మనకు రాత్రి 7.30. నవంబరులో అక్కడ గడియారాలు గంట వెనక్కి జరిపాక, మళ్లీ మార్చి దాకా 8.30. జనరల్ షిఫ్ట్ అన్నది అబద్ధం కాదు, కానీ ఆ మాటలో ఈ కాల్ కనిపించదు. రెండో సంగతి పని గురించి. కొత్త సిస్టమ్ నిజమే, అయితే పాతదాన్ని ఇంకో ఆరు నెలలైనా నడపాలి, కొత్తగా వచ్చినవాళ్లు ముందు చూడాల్సింది దాన్నే.

ఈ రెండూ విని ఆఫర్ వదులుకోనక్కర్లేదు. ఆమె అదే సాయంత్రం మేనేజర్‌కు రాసింది: రాత్రి కాల్ ఉన్న రోజుల్లో రెండింటిని ఇంటి నుంచి పనిచేసే రోజులుగా పెట్టుకోవచ్చా, పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి తను ఏ నెలలో మారుతుంది? మొదటిదానికి ఆయన సరేనన్నారు. రెండోదానికి తేదీ చెప్పలేదు, మూడో నెలాఖరున కూర్చుని మాట్లాడదామన్నారు. ఆమె ఒప్పుకుంది, శుక్రవారం సంతకం చేసింది. టీమ్‌ను కలిసి వచ్చి అడిగిన ప్రశ్నలు కాబట్టి అవి చేరబోయే మనిషి ప్రశ్నల్లాగే ఉన్నాయి.

కాల్‌లో జవాబులతో పాటు జవాబు రాని చోట్లను కూడా గమనించండి. రిలీజ్ గురించి అడిగితే ఏది చెడిపోయింది, ఎవరు సరిచేశారు, తర్వాత ఏం మార్చారు అని వరసగా చెప్పగలిగితే ఆ టీమ్‌లో తప్పుల గురించి మాట్లాడుకునే అలవాటు ఉన్నట్టే. ఖాళీ ఎలా వచ్చిందని అడిగినప్పుడు ఆ మనిషి మాట తప్పిస్తే, ఆ ఒక్కదాన్ని బట్టే నిర్ణయానికి రాకండి. మేనేజర్‌ను నేరుగా అడగండి. ఇద్దరి మాటలకూ పొత్తు కుదరకపోతే అప్పుడు ఆగి ఆలోచించాలి. మేనేజర్ కూడా కాల్‌లో కూర్చుంటే పని వివరాలు అడగండి, రాత్రి వేళల సంగతి ఆశించినంత తెలియదు.

ఇది కుదరని చోట్లూ ఉన్నాయి. పెద్ద సర్వీసు కంపెనీల్లో చేరాకే ప్రాజెక్టు ఇస్తారు, క్యాంపస్ ఎంపికల్లోనూ అంతే. అక్కడ టీమ్ ఎవరో హెచ్ఆర్‌కే తెలియదు కాబట్టి, ఏ అకౌంట్‌కు తీసుకుంటున్నారో, బెంచ్ మీద ఉంటే ఏ ఊళ్లో ఉండాలో అడగడమే మేలు. టీమ్ తెలిసి కూడా కంపెనీ కుదరదంటే, మేనేజర్‌తోనే మరో పావుగంట అడగండి. ఇవే ప్రశ్నలు ఆయననే అడగొచ్చు. అంతేగాని వాళ్లు కాదన్నాక లింక్డ్‌ఇన్‌లో ఆ టీమ్‌లో ఎవరినో వెతికి పట్టుకోకండి. మీకు జవాబిచ్చిన మనిషి ఇరుకున పడొచ్చు.

మాట్లాడాక వద్దనే తేలితే, శుక్రవారం దాకా ఆగకుండా ఆ రోజే చెప్పండి. "రాత్రి కాల్స్ మా ఇంటి పరిస్థితికి కుదరవు, అందుకే రాలేకపోతున్నాను" అని ఒక్క వాక్యంలో కారణం రాస్తే చాలు. మీ తర్వాత వరసలో ఉన్న అభ్యర్థికి వాళ్లు మర్నాడే ఫోన్ చేసుకోగలరు.