మిరప నారు ధరల బోర్డు: అన్నిటికీ ఒకే పెంపు వద్దు

ఖర్చులు పెరిగాయంటే అన్నీ ఒకే తీరున పెరగవు. ఎరువులే చూడండి. 2022లో డీఏపీ బస్తా 1,200 నుంచి 1,350 రూపాయలైంది. పొటాష్ 1,700 దాకా పోయింది. 45 కిలోల యూరియా బస్తా మాత్రం 266 రూపాయల 50 పైసల దగ్గరే ఉంది. షేడ్‌నెట్ వేసి మిరప నారు పెంచి అమ్ముకునే చిన్న రైతుకూ ఇదే తంటా. కొబ్బరి పొట్టు ధర ఒక తీరున, కూలి ఒక తీరున, విత్తనం ఇంకో తీరున పెరుగుతాయి. అలాంటప్పుడు పాత బోర్డు మీది రేట్లన్నీ నూటికి ముప్ఫై చొప్పున పెంచేస్తే ఏమవుతుందో చూద్దాం.

పల్నాడు నర్సరీల్లో రెండు రకాల బేరం నడుస్తుంది. ఒకటి, విత్తనం నర్సరీదే. రైతు మొక్కలు కొనుక్కుపోతాడు. రెండోది, రైతు తన ప్యాకెట్ తెచ్చి ఇస్తాడు. నర్సరీ పెంపకం కూలి తీసుకుంటుంది. ఈ రెంటికీ ఖర్చు ఒకటి కాదు.

వెయ్యి మొక్కల లెక్క

98 గుంతల ట్రేలు 12 తీసుకుంటే 1,176 గింజలు పడతాయి. నూటికి 85 చేతికొస్తే సుమారు వెయ్యి మొక్కలు. ఈ వెయ్యికే లెక్క కడదాం. అంకెలు ఉదాహరణకు మాత్రమే; మీ రశీదులు చూసి మీవి వేసుకోండి.

విత్తనం: పాత ఖర్చు 390, కొత్తది 625 రూపాయలు.
కొబ్బరి పొట్టు: 120, ఇప్పుడు 150.
కూలి: 150, ఇప్పుడు 210.
మందులు, ఎరువు, కరెంటు: 50, ఇప్పుడు 55.
ట్రేలు, నెట్ అరుగుదల: 90, ఇప్పుడు 95.

మొత్తం 800 కాస్తా 1,135 అయింది. విత్తనం తీసేస్తే పెంపకం ఖర్చు 410 నుంచి 510కి పెరిగింది. అంటే మొదటి బేరంలో నూటికి 42, రెండో బేరంలో 24 చొప్పున పెరిగిందన్నమాట.

ముప్ఫై శాతం ఎక్కడ దెబ్బ కొడుతుంది

పాత బోర్డులో విత్తనంతో సహా మొక్క రూపాయి, పెంపకం అర్ధరూపాయి. రెంటినీ ముప్ఫై శాతం పెంచితే రూపాయి ముప్ఫై, 65 పైసలు అవుతాయి. సొంత ప్యాకెట్ తెచ్చే రైతు దగ్గర వెయ్యికి 90 మిగిలేది ఇప్పుడు 140 మిగులుతుంది. కానీ ఆ రైతు పక్క నర్సరీలో అడిగి చూసి అటే పోతాడు.

అసలు నష్టం మొదటి బేరంలో ఉంది. మిరప నారు ట్రేలో 35, 40 రోజులకు నాటుకు వస్తుంది. ఆపైన ఉంచితే వేళ్లు చుట్టుకుపోయి, మొక్క సాగి ముదురుతుంది, అడిగేవాడుండడు. వెయ్యిలో వంద ఇలా మిగిలిపోయాయనుకోండి. పాత రేటున 900 వచ్చేవి, ఖర్చు 800 పోను వంద మిగిలేవి. ఇప్పుడు రూపాయి ముప్ఫైకి అమ్మితే 1,170 వస్తుంది, 1,135 పోను మిగిలేది 35 రూపాయలే. బేరం బాగానే సాగినట్టు కనిపిస్తుంది గానీ, వచ్చే ఏడు విత్తనానికి చేతిలో డబ్బుండదు.

అందుకే విత్తనంతో సహా మొక్కకు రూపాయి నలభై వేయాలి. వంద మిగిలినా 125 చేతికొస్తాయి. పెంపకానికి 60 పైసలు చాలు. పాత మిగులు 90 రూపాయలు నిలుస్తుంది.

పెంపకం రేటు ట్రేకి చెప్పండి

రైతు తెచ్చిన విత్తనం నూటికి 70 మాత్రమే మొలిస్తే 12 ట్రేలకు 823 మొక్కలే వస్తాయి. మొక్కకు 60 పైసలైతే 494 రూపాయలు. 510 ఖర్చు కూడా రాదు. మీ తప్పు లేకుండా నష్టం మీకు. అదే ట్రేకి 50 రూపాయలని మాట్లాడుకుంటే 12 ట్రేలకు 600 వస్తుంది. కాకపోతే రైతుకు అనుమానం రాకూడదు. ప్యాకెట్ ఆయన ఎదుటే విప్పండి, లాట్ నంబరు రశీదు మీద రాయండి, మొలకలు ఇద్దరూ కలిసి లెక్కపెట్టండి.

బోర్డు మార్చేటప్పుడు

అడ్వాన్సు ఇచ్చి పాత రేటుకు ఒప్పుకున్న వారికి పాత రేటే ఇవ్వండి. కొత్త బోర్డు మీద తేదీ వేయండి. నిరుడు మిగిలిన కొబ్బరి పొట్టు ఉన్నా లెక్క కొత్త ధరకే కట్టాలి, ఎందుకంటే అది అయిపోయాక కొనేది కొత్త ధరకే.

పక్క నర్సరీలో రూపాయి ముప్ఫైకి ఇస్తున్నారని మీరూ దిగకండి. ఆయన పాత ధరకు కొన్న విత్తనం వాడుతుండొచ్చు. రూపాయి నలభై పలకకపోతే రేటు తగ్గించే బదులు, సొంత విత్తనం పోసే ట్రేలు తగ్గించి, అడ్వాన్సు ఇచ్చిన వారి మేరకే వేసుకోండి.