కీటోన్ దగ్గర ఆగాలంటే

ప్రశ్న: బొంతపల్లిలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఎస్టర్ కూడా ఉన్న ఆసిడ్ క్లోరైడ్‌ను మిథైల్ కీటోన్‌గా మార్చాలి. గ్రిగ్నార్డ్ వాడితే ఆల్కహాల్ వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: గ్రిగ్నార్డ్ ముందు కీటోన్‌నే ఇస్తుంది, కానీ అక్కడ ఆగదు. పుట్టిన కీటోన్‌తోనూ చర్య జరిపి తృతీయ ఆల్కహాల్ చేస్తుంది. ఎన్‌ఎంఆర్‌లో 2.1 దగ్గర రావాల్సిన కీటోన్ మిథైల్ శిఖరం బదులు 1.2 దగ్గర ఆరు ప్రోటాన్ల శిఖరం కనిపిస్తే జరిగింది ఇదే. ఎస్టర్‌కూ ముప్పే.

మీకు కావాల్సింది గిల్మన్ కారకం, లిథియం డైమిథైల్ క్యూప్రేట్. అడిపిక్ ఆమ్లపు మోనోమిథైల్ ఎస్టర్ క్లోరైడ్‌నే తీసుకోండి. నైట్రోజన్ కింద, పొడి ఈథర్‌లో, 0 డిగ్రీల వద్ద ఒక మోల్ కాపర్ అయోడైడ్‌కు మిథైల్ లిథియం మెల్లగా కలపండి. మొదటి మోల్‌కు పసుపు అవక్షేపం పడుతుంది, రెండో మోల్ పూర్తయ్యేసరికి అది కరిగిపోతుంది. నల్లబడితే కారకం విచ్ఛిన్నమైనట్టే, పారబోయండి. తర్వాత –78కి చల్లార్చి ఆసిడ్ క్లోరైడ్ వేయండి. పావుగంట చాలు. ఆ చలిలోనే మిథనాల్ పోసి ఆపాలి. వేడెక్కనిస్తే మిగిలిన క్యూప్రేట్ కీటోన్ జోలికి పోవచ్చు. చేతికొచ్చేది మిథైల్ 6-ఆక్సోహెప్టనోయేట్, ఎస్టర్ చెక్కుచెదరకుండా.

రాగి–కార్బన్ బంధానికి అయానిక స్వభావం తక్కువ కావడం ఈ సౌమ్యతకు ఒక కారణం. ఇదే క్యూప్రేట్ ప్రాథమిక ఆల్కైల్ అయోడైడ్‌తో చక్కగా జతకడుతుంది. మామూలు ఆల్కైల్ హాలైడ్‌తో గ్రిగ్నార్డ్ ఒంటరిగా అలా చేయలేదు. తృతీయ హాలైడ్‌తో మాత్రం ఆశ పెట్టుకోకండి, ఎక్కువగా ఆల్కీనే వస్తుంది.

ప్లాంటుకు తీసుకెళ్లేముందు రెండు సంగతులు చూసుకోండి: రెండు మిథైళ్లలో సాధారణంగా ఒక్కటే పనికొస్తుంది, రాగి వ్యర్థాన్ని విడిగా శుద్ధి చేయాలి.